ఆదికాండము 47:31: యాకోబు వంగింది మంచం మీదా, చేతికర్ర మీదా? అచ్చు గుర్తులు లేని హెబ్రీ ఎలా చదవాలి?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. నేను హెబ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. మా సార్ ఈసారి చుక్కలూ గీతలూ ఏమీ లేని, ఉత్త హల్లులు మాత్రమే ఉన్న కాగితం ఇచ్చి అనువదించుకుని రమ్మన్నారు. వచనం ఆదికాండము 47:31. యాకోబు తనను ఐగుప్తులో పాతిపెట్టొద్దని యోసేపు చేత ఒట్టు వేయించుకుని, ఆ తర్వాత దేని మీదో వంగుతాడు. "అల్ రోష్" వరకు బాగానే ఉంది, అంటే తల మీద లేదా కొన మీద. దాని తర్వాత హే, మేమ్, తేత్, హే అనే నాలుగు అక్షరాలు వచ్చాయి. మొదటి హే "హ" అనే ఉపపదం, అంటే ఇంగ్లీషు "ద" (the) లాంటిది అనుకుంటే మిగిలేది మ-ట-హ.

మిట్టా అని చదివితే మంచం, మట్టే అని చదివితే కర్ర. అచ్చయిన హెబ్రీ బైబిల్లో మిట్టా అనే గుర్తులున్నాయి. మన పాత తెలుగు బైబిల్లోనూ ఇక్కడ మంచమే. కానీ హెబ్రీయులకు రాసిన పత్రిక 11:21లో ఇదే యాకోబు చేతికర్ర మీద ఆనుకుని నమస్కరించాడని ఉంది. "అచ్చయిన పుస్తకం చూసి రాశానని చెప్తే మార్కులు రావు, కారణం చెప్పాలి" అన్నారు సార్. టెన్షన్‌గా ఉంది. కారణం ఎక్కడ వెతకాలి?

ప్రసంగి1972:
అమ్మా, ఇందులో టెన్షన్ ఎందుకు? కొత్త నిబంధనే కర్ర అని చెప్పింది కదా. ఆ అచ్చు గుర్తులు మాసొరెతులు అనే యూదు లేఖకులు క్రీస్తు తర్వాత ఎన్నో వందల ఏళ్లకు పెట్టినవి. అంతకు ముందు మూలంలో హల్లులే ఉన్నాయి. అంటే హల్లులే వాక్యం, అచ్చులు మనుషుల ఊహ. మంచం అన్నది వాళ్ల ఊహ, కర్ర అన్నది అపొస్తలుల కాలం నాటి సాక్ష్యం. ధైర్యంగా కర్ర అని రాసెయ్యి. ఎన్.ఐ.వి. ఇంగ్లీషు బైబిల్ కూడా ఆదికాండంలో కర్ర అనే పెట్టింది.

నూన్_సోఫీత్:
ప్రసంగి గారూ, మీరు చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. గుర్తులు ఆలస్యంగా వచ్చిన మాట నిజం. తిబెరియలో ఆ పని 7 నుంచి 10వ శతాబ్దం మధ్య జరిగింది. సంపూర్ణంగా దొరికిన పాత ప్రతి లెనిన్‌గ్రాడ్ కోడెక్స్ 1008 నాటిది. కానీ గుర్తు కొత్తదైనంత మాత్రాన పలుకు కొత్తదైపోదు. వాళ్లు తరతరాలుగా నోటితో చదువుతూ వచ్చిన పాఠానికి రాత కల్పించారు.

ఇదే వచనం సాక్ష్యం. 4వ శతాబ్దం చివర జెరోమ్ బేత్లెహేములో కూర్చుని యూదుల దగ్గర హెబ్రీ నేర్చుకుని అనువదించాడు. అప్పటికి ఏ గుర్తులూ లేవు. ఆయన లాటిన్‌లో ఇక్కడ రాసింది మంచం తలవైపు అనే. కర్ర అనే గ్రీకు చదువును పట్టుకుని కొందరు యాకోబు యోసేపు దండం కొనకు నమస్కరించాడని చెప్పుకుంటున్నారనీ, హెబ్రీలో అలా లేదనీ విడిగా రాశాడు కూడా. అంటే లెనిన్‌గ్రాడ్ ప్రతి కంటే ఆరు వందల ఏళ్ల ముందే మంచం అనే చదువు ఉంది. యూదుల అరామిక్ అనువాదం ఓంకెలోస్‌లోనూ మంచమే. కాబట్టి "మాసొరెతుల ఊహ" అన్న మాట ఇక్కడ చెల్లదు.

అలాగని కర్ర కూడా గాలిలోంచి రాలేదు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో తోరాను గ్రీకులోకి తెచ్చినవాళ్లు ఆ అక్షరాలనే మట్టే అని చదివారు. హెబ్రీ పత్రిక రాసినాయన ఆ గ్రీకునే ఎత్తి రాశాడు. కాబట్టి గ్రీకు అనువాదం, హెబ్రీ పత్రిక కర్రకు రెండు సాక్ష్యాల్లా కనిపించినా నిజానికి ఒక్కటే.

గోదారిగట్టు గారూ, మీ సార్ అడిగిన కారణం వచనంలోపల ముందు వెతకాలి, అనువాదాల్లో తర్వాత. ముందు ఒక ప్రశ్న. మ-ట-హకు ఎన్ని చదువులు సాధ్యమో రాసుకున్నారా?

గోదారిగట్టు:
రెండే అనుకున్నాను సార్. మంచం, కర్ర.

నూన్_సోఫీత్:
ఇంకా ఉన్నాయి. మట్టే అంటే కర్రే కాదు, గోత్రం కూడా. సంఖ్యాకాండంలో ఎక్కువచోట్ల ఆ అర్థమే. మట్టా అని చదివితే "కిందికి". ద్వితీయోపదేశకాండము 28:13లో నువ్వు పైవాడివిగా ఉంటావు, కిందివాడివిగా ఉండవు అన్నచోట ఉన్నది అదే. వీటన్నిటికీ మూలం నటా అనే ధాతువు: చాచడం, వాల్చడం, వంచడం. ధాతువులోని మొదటి న తర్వాతి టలో కలిసిపోవడం వల్లే ట ఒత్తి పలుకుతుంది. చివరి హే అచ్చు ఉందని చెప్తుంది, అంతే. అది ఆ అవునో ఏ అవునో చెప్పదు. మీ సమస్యంతా ఆ ఒక్క అక్షరంలో ఉంది.

ఇప్పుడు వ్యాకరణాన్ని అడగండి. మిట్టా స్త్రీలింగం, మట్టే పుంలింగం. వాక్యంలో దానికి సంబంధించిన క్రియో, విశేషణమో, సర్వనామమో ఉంటే అచ్చు గుర్తులు లేకుండానే తేలిపోతుంది. రెండు వచనాలు తెరిచి చూడండి.

2 రాజులు 1:4లో ఏలీయా అహజ్యాకు పంపిన కబురు: నువ్వెక్కిన మ-ట-హ, దాని మీద నుంచి దిగవు. అక్కడ "దాని నుంచి" అనే మాట చివర హే ఉంది, వావ్ లేదు. మిమ్మెన్నా, అంటే స్త్రీలింగం. మంచమే. ఎక్కడం, దిగడం అనే క్రియలు కూడా మంచానికే సరిపోతాయి.

నిర్గమకాండము 7:15లో పాముగా మారిన మ-ట-హను చేత్తో పట్టుకో అని మోషేకు ఆజ్ఞ. అక్కడ "మారిన" అన్న క్రియ నెహ్‌పఖ్, పుంలింగం. స్త్రీలింగమైతే చివర ఇంకో హే రాసి ఉండేది. కాబట్టి కర్ర.

మీ వచనంలో అలాంటి సాయం ఏమన్నా దొరుకుతుందా చూసి చెప్పండి.

ఫరీదా_పాతబస్తీ:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. నాకు హెబ్రీ రాదు, ఉర్దూ వచ్చు. మా ఇంట్లో రోజూ ఉర్దూ పేపర్ చదువుతారు. దాంట్లో జేర్, జబర్, పేష్ గుర్తులు ఉండవు. ఇస్ అంటే "ఈ", ఉస్ అంటే "ఆ". గుర్తులు లేకపోతే రెండూ ఒకేలా రాస్తారు. మా అబ్బాయి చిన్నప్పుడు దాని దగ్గరే ఆగిపోయేవాడు. మా మామగారు మాత్రం ఒక్కసారి కూడా ఆగరు. వాక్యం మొత్తం ఒక్క చూపులో పట్టేస్తారు. అడిగితే "అక్కడ ఇంకోటి ఎలా వస్తుంది?" అంటారు. హెబ్రీలోనూ అంతేనా?

నూన్_సోఫీత్:
చాలావరకు అంతే ఫరీదా గారూ. ఈ రోజుకీ ఇజ్రాయెల్‌లో పేపర్లు గుర్తులు లేకుండానే వస్తాయి. సమాజమందిరంలో చదివే తోరా చుట్టకూ గుర్తులుండవు. చదివేవాళ్లకు ఇబ్బంది లేదు. తేడా ఎక్కడంటే, మీ మామగారిది బతికున్న భాష, చుట్టూ రోజూ వినబడుతుంది. మాది రెండు మూడు వేల ఏళ్ల కిందటి పుస్తకం. "అక్కడ ఇంకోటి ఎలా వస్తుంది" అని చెప్పడానికి ఆ పుస్తకమే దిక్కు. అందుకే ఒక్కో మాట ఎక్కడెక్కడ ఏ మాటల పక్కన వచ్చిందో వెతుక్కోవాలి.

సామెల్_కువైట్:
యెహోవా అనే పేరు గురించి కూడా ఇదే కదా అన్నా? నాలుగు హల్లులే ఉంటే అసలు పలుకు యాహ్వేనా యెహోవానా? మా ఫెలోషిప్‌లో దీని మీద పెద్ద గొడవ అయింది. దయచేసి చెప్పండి.

నూన్_సోఫీత్:
తమ్ముడూ, అది వేరే సమస్య. అక్కడ చదివేవాళ్లు సందర్భం చూసి అచ్చులు ఎంచుకోవడం లేదు. ఆ పేరు పలకకుండా అదోనాయ్ అని చదివే ఆచారం ఉంది కాబట్టి, అలా చదవమని గుర్తుచేయడానికి ఆ మాట అచ్చులు ఈ హల్లుల మీద పెట్టారు. దానికి విడిగా దారం మొదలుపెట్టండి. ఇక్కడ మంచం తేలనివ్వండి.

గోదారిగట్టు:
చూశాను సార్. వచనంలో "వంగెను" అన్న క్రియకు కర్త ఇశ్రాయేలు, అంటే యాకోబే. మ-ట-హకు సంబంధించి క్రియ లేదు, విశేషణం లేదు, "దాని" లాంటి మాట కూడా లేదు. వచనం దాంతోనే అయిపోయింది. వ్యాకరణం నోరు విప్పడం లేదు. కానీ ఒకటి గమనించాను. హెబ్రీ పత్రికలో "తన" చేతికర్ర అని ఉంది. ఇక్కడ "తన" లేదు, "హ" అనే ఉపపదమే ఉంది.

నూన్_సోఫీత్:
బాగా పట్టుకున్నారు. "తన కర్ర" అనాలంటే మట్టేహు, చివర వావ్ అదనంగా రావాలి, ముందు "హ" ఉండకూడదు. నిర్గమకాండము 7:12లో మంత్రగాళ్లు ఒక్కొక్కడు తన కర్ర పడేసినచోట సరిగ్గా అలాగే రాసి ఉంది. కాబట్టి "తన" అన్నది గ్రీకువాళ్లు కలిపింది. దీన్ని మరీ గట్టిగా లాగకండి. గ్రీకులో అలా కలపడం మామూలే. ఉపపదం ఉన్నా మంచానికైనా కర్రకైనా సరిపోతుంది.

ఇక సందర్భం. తర్వాతి అధ్యాయం తెరిచి 48:2 చదవండి. యోసేపు వచ్చాడని విని ఇశ్రాయేలు బలం తెచ్చుకుని హ-మ-ట-హ మీద కూర్చున్నాడు. 49:33లో కాళ్లు దానిలోకి ముడుచుకుని ప్రాణం విడిచాడు. ఈ రెండుచోట్లా మంచం తప్ప ఇంకేదీ కుదరదు. గమనించాల్సింది ఏమిటంటే, ఆ రెండుచోట్లా గ్రీకు అనువాదం కూడా మంచమనే చెప్తుంది. రెండు వచనాల దూరంలో అవే అక్షరాలను ఒకసారి కర్ర, ఇంకోసారి మంచం అని చదివారన్నమాట.

ఇక అలాంటి సన్నివేశం ఇంకెక్కడైనా ఉందా అని చూస్తే, 1 రాజులు 1:47. దావీదు ముసలివాడై, సొలొమోను సింహాసనం ఎక్కాడని విని మంచం మీదే వంగి నమస్కరించాడు. అక్కడి మాట మిష్కావ్, వేరే మాట. కానీ "వంగెను", "మీద" అన్న రెండూ అవే. చావుకు దగ్గరపడ్డ పెద్దాయన, వారసత్వం మాట తేలగానే పడక మీద నమస్కారం. నేనైతే దీనికే ఎక్కువ బరువిస్తాను.

ప్రసంగి1972:
నూన్ గారూ, మీ 48వ అధ్యాయమే నాకు సాక్ష్యం. 48:1 చదవండి. "ఈ సంగతులైన తర్వాత" తండ్రికి జబ్బు చేసిందని యోసేపుకు కబురు వచ్చింది. అంటే 47:31 నాటికి యాకోబుకు జబ్బు లేదు. చావు దగ్గర పడిందని 47:29లో ఉన్నంత మాత్రాన మంచం పట్టాడని కాదు. నడవగలిగిన ముసలాయన కర్ర పట్టుకునే ఉంటాడు. మీరే వచనంలోపల వెతకమన్నారు. నేను వెతికాను.

నూన్_సోఫీత్:
ఇది మంచి వాదన. మంచం పక్షాన ఉన్నవాళ్లు దీన్ని దాటేసి పోతుంటారు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. జబ్బు లేకపోయినా మనిషి పడక మీద ఉండొచ్చు అన్నది ఒక్కటే చెప్పగలను. ఇంకొకటి: యాకోబు కర్ర ప్రస్తావన ఆదికాండము 32:10లో వస్తుంది, కర్ర మాత్రం పట్టుకుని యొర్దాను దాటానంటాడు. అక్కడ వాడిన మాట మక్కేల్, మట్టే కాదు. అది తీర్పు చెప్పదు, 38:18లో యూదా కర్ర మట్టేనే.

"కర్ర కొన"కు హెబ్రీలో ఏమంటారో కూడా చూడాలి. 1 సమూయేలు 14:27లో యోనాతాను తేనెపట్టులో ముంచిన కర్ర కొనకు రోష్ అనలేదు, కచే అన్నారు. కానీ ఎస్తేరు 5:2లో రాజదండం కొనకు రోష్ అనే ఉంది. కాబట్టి రోష్ వల్ల కర్ర కొట్టుకుపోదు. నా లెక్కలో మంచానిదే పైచేయి, కానీ కర్రను చెత్తబుట్టలో వేయలేం.

అలెఫ్‌బేత్_రాణి:
నూన్ గారికి ఒక ప్రశ్న. ఇలా సందర్భం చూసి అచ్చులు మార్చుకోవచ్చంటే ఎక్కడ ఆగాలి? నేను ఒక స్టడీ గ్రూపులో ఉండేదాన్ని. అక్కడ ఒకాయన వారం వారం ఒక వచనానికి అచ్చులు మార్చి కొత్త అర్థం తీసేవాడు. ప్రతిదీ ఆయన ఆ వారం చెప్పదలుచుకున్న దానికే సరిపోయేది.

నూన్_సోఫీత్:
నేను చూసే గుర్తు ఇది. ఒక మాట అచ్చు మార్చినందుకు పక్క మాటల అచ్చులు కూడా మార్చాల్సి వస్తోందంటే అనుమానించాలి. మార్చాక వచ్చిన రూపం హెబ్రీలో ఇంకెక్కడా లేకపోతే మరీ అనుమానించాలి. పాత అనువాదకుడు ఒక్కడైనా అలా చదవకపోతే దాదాపు వదిలేయాలి. మట్టే ఈ మూడూ దాటింది, అందుకే ఇంతసేపు మాట్లాడుతున్నాం.

పాతవాళ్లు చదివారు కదా అని తలూపడానికీ లేదు. ఆమోసు 3:12లో సమరయలో మంచం మూలన కూర్చునేవాళ్ల మాట వస్తుంది. అదే మ-ట-హ. గ్రీకులో అక్కడ గోత్రం అని పెట్టారు. పక్కనే ఉన్న పరుపు మాటతో అది ఎలా కలుస్తుందో తెలియక, ఆ వాక్యం చివరికి వాళ్లకు అయోమయంగా తయారైంది. ఒక్క అచ్చు తప్పితే వాక్యం మిగతా భాగం ఎలా కుంటుతుందో చూడాలంటే అది చూడండి.

అలెఫ్‌బేత్_రాణి:
ద-బ-ర సంగతి ఏమంటారు? దాబార్ అయితే మాట, దెబెర్ అయితే తెగులు. హబక్కూకు 3:5, యెషయా 9:8 రెండిట్లోనూ అవే మూడు అక్షరాలు.

నూన్_సోఫీత్:
మంచి జంట తెచ్చారు. హబక్కూకులో దేవుని ముందు ద-బ-ర నడుస్తుంది, పాదాల వెంట రెషెఫ్ వస్తుంది. రెషెఫ్ అంటే మంట, మంటలా కాల్చే రోగం. ముందొకటి వెనకొకటి, ఇద్దరు బంట్లలాగా. జంటలో ఒకటి తెగులైతే రెండోది "మాట" కాదు. అయినా గ్రీకులో "మాట" అనే పెట్టారు. జెరోమ్ తన వ్యాఖ్యానంలో ఇక్కడ ఆగి, హెబ్రీలో అచ్చు లేకుండా దాలెత్, బేత్, రేష్ మూడు అక్షరాలే ఉన్నాయనీ, దాబార్ అని చదివితే మాట, దెబెర్ అని చదివితే తెగులనీ రాశాడు. మనం ఇక్కడ మాట్లాడుకుంటున్నది ఆయన అప్పుడే మాట్లాడాడు.

యెషయాలో తిరగబడింది. ప్రభువు యాకోబులోకి ద-బ-ర పంపాడు, అది ఇశ్రాయేలు మీద పడింది. మాసొరెతులు మాట అన్నారు, తెలుగులో వర్తమానం. గ్రీకులో చావు, అంటే దెబెర్ అని చదివారు.

అలెఫ్‌బేత్_రాణి:
ఇక్కడ గ్రీకు చదువే సరి అనిపిస్తుంది నాకు. ఆమోసు 4:10లో "మీలోకి దెబెర్ పంపాను" అని ఉంది. అదే పంపడం, అదే "లోకి". పైగా తెగులైతే పడుతుంది, మాట పడడం ఏమిటి?

నూన్_సోఫీత్:
ఆమోసు పోలిక బలమైనదే. నా అడ్డు ఒక్కటే: తర్వాతి వచనంలో జనులందరూ తెలుసుకుంటారు అని ఉంది. తెలుసుకునేది కబురును కదా. కానీ దెబ్బ తగిలాక తెలిసొస్తుంది అని మీరు అంటే నా దగ్గర జవాబు లేదు. దీన్ని తేలలేదనే అనుకుంటాను.

గోదారిగట్టు:
అందరికీ ధన్యవాదాలు. నా కాగితం మీద ఇలా రాసుకున్నాను:

"యోసేపు అతనికి ప్రమాణం చేశాడు. అప్పుడు ఇశ్రాయేలు మంచం తలవైపు వంగి నమస్కరించాడు." అడుగున: "హల్లులు మ-ట-హ. లింగం చెప్పే మాట వాక్యంలో లేదు. 48:2, 49:33ల్లో అదే మాటకు మంచమే అర్థం, 1 రాజులు 1:47 పోలిక. గ్రీకు అనువాదం, హెబ్రీ 11:21: కర్ర. 48:1లో జబ్బు తర్వాతే వస్తుంది కాబట్టి కర్ర కూడా సాధ్యమే."

ప్రసంగి1972:
చివరి వాక్యం పెట్టినందుకు సంతోషం తల్లీ. నేను మాత్రం ఆదివారం కర్ర అనే చెప్తాను.

నూన్_సోఫీత్:
చెప్పండి, హెబ్రీ పత్రిక నుంచి చెప్తే ఎవరికీ అభ్యంతరం లేదు. గోదారిగట్టు గారూ, "వంగి నమస్కరించాడు" అన్నారు. ఎవరికి అన్నది హెబ్రీలో లేదు. దేవునికా, యోసేపుకా అని మీ సార్ తప్పకుండా అడుగుతారు, 37వ అధ్యాయంలో ఇంటివాళ్లు తనకు నమస్కరించినట్టు యోసేపు కన్న కల దగ్గర పెట్టుకుని వెళ్లండి.